సమీక్షలో ఉన్న కూర్పు, జనం చేతిలో ఉన్న కూర్పు

"దయచేసి మీ చిరునామాను ఇంగ్లీషులో రాయండి."

2023 వానాకాలంలో నాలుగు రోజుల పాటు మా సహాయకేంద్రంలో పనిచేసే ఇద్దరమ్మాయిలు ఫోను చేసిన ప్రతివారికీ ఈ మాట చెప్పవలసి వచ్చింది. అలా చెప్పమన్నది మేమే. కంప్యూటరులో తెలుగు కనబడితే చాలు పండగ చేసుకున్న తరానికి చెందిన నేను, నా చేతులమీదుగా ఆ వాక్యాన్ని టైపు చేసి వాళ్ళకు పంపాను. తప్పు రెండు వరుసల కోడుది. దిద్దడానికి గంటన్నర పట్టింది. దిద్దినది జనానికి చేరడానికి మాత్రం నాలుగు రోజులు పట్టింది. ఆ జాప్యానికి ఆప్ స్టోర్ సమీక్షకులను తిట్టుకుంటూ మొదటి రెండు రోజులు గడిపాము. నిజానికి అందులో మూడు వంతులు మేము స్వయంగా చేసుకున్నదేనని తర్వాత తెలిసింది. మేము ఎంచుకున్న బ్రాంచి పద్ధతి మా పనికి తగినది కాదు. ఈ టపా ఆ సంగతి గురించే.

మాది ఆరుగురు ఉన్న చిన్న బృందం. వాడకట్టు మందుల దుకాణాల నుంచి ఇంటికి మందులు తెప్పించుకునే ఆప్ ఒకటి చేస్తున్నాము. వాడేవారిలో పెద్దవయసు వాళ్ళు ఎక్కువ. అప్పట్లో జనం చేతిలో ఉన్నది 3.4.0 కూర్పు. అందులో కొత్తగా, భద్రపరచిన చిరునామాల జాబితాలో ప్రతి చిరునామానూ నలభై అక్షరాలకు కుదించి చూపే ఏర్పాటు చేశాము. ఐఫోను ఆప్‌లో ఆ కోడు ఇలా ఉండేది:

```swift
if address.utf16.count > 40 {
    let end = address.index(address.startIndex, offsetBy: 40)
    short = String(address[..<end]) + "…"
}
```

యూనికోడు తెలిసినవారికి తప్పు వెంటనే కనబడుతుంది. మొదటి వరుస లెక్కపెట్టేది కోడు యూనిట్లను. రెండో వరుస లెక్కపెట్టేది మనిషి కంటికి కనబడే పూర్తి అక్షరాలను. "తెలుగు" అన్న మాట మొదటి లెక్కలో ఆరు, రెండో లెక్కలో మూడు. గుణింతపు గుర్తు ఒకచోట వేరుగా లెక్కకొస్తుంది, ఇంకోచోట హల్లుతో కలిసిపోతుంది. కాబట్టి అరవై యూనిట్లూ ముప్ఫై నాలుగు అక్షరాలూ ఉన్న తెలుగు చిరునామా వస్తే, లేని నలభయ్యో అక్షరం కోసం వెతికి ఆప్ అక్కడికక్కడే కుప్పకూలుతుంది. ఇంగ్లీషు చిరునామాకు రెండు లెక్కలూ ఒకటే గనక ఏమీ కాదు. మేము పరీక్షించినవన్నీ ఇంగ్లీషు చిరునామాలే. 3.4.0 విడుదలైన వారానికి, ఒక బుధవారం నాడు, దుకాణాలవారు తమ ఖాతా పుస్తకాల్లోని పాత చిరునామాలను ఉన్నవున్నట్టు తెలుగులో సర్వరుకు ఎక్కించారు. గురువారం పొద్దున్నుంచీ ఫోన్లు మొదలయ్యాయి.

ఇక ఆ బుధవారం సాయంత్రమే మేము 3.5.0 కూర్పును సమీక్షకు పంపి ఉన్నాము. కథంతా ఇక్కడే ఉంది.

మేము వాడుతున్నది గిట్ ఫ్లో అని పేరుపడ్డ పద్ధతి. విన్సెంట్ డ్రీసెన్ 2010 జనవరిలో రాసిన వ్యాసంతో ప్రచారంలోకి వచ్చింది. రోజువారీ పనంతా `develop` బ్రాంచి మీద జరుగుతుంది. విడుదల దగ్గరపడగానే దాని నుంచి ఒక `release` బ్రాంచి చీలుతుంది. అది సిద్ధం కాగానే `master`లో కలిపి ట్యాగ్ వేస్తారు. జనం వాడుతున్న కూర్పులో అత్యవసరంగా దిద్దవలసినది ఏదైనా వస్తే, `master` నుంచి `hotfix` బ్రాంచి తీస్తారు. ఇంత ఏర్పాటూ నిలబడేది ఒక్క నమ్మకం మీద: `master`లో ఉన్నదే జనం చేతిలో ఉన్నది.

వెబ్‌సైటుకు ఆ నమ్మకం సరిపోతుంది. అక్కడ `master`లో కలపడానికీ జనానికి చేరడానికీ మధ్య ఉండేది నిమిషాలే, చేర్చేదీ మనమే. ఆప్ విషయంలో ఆ రెంటికీ మధ్య ఇంకొకరి గుమ్మం ఉంది. ఆ గుమ్మం దగ్గర ఎంతసేపు నిలబడాలో, అసలు లోపలికి రానిస్తారో లేదో మనం చెప్పలేము. సమర్పించిన వాటిలో సగటున 90 శాతాన్ని 24 గంటల లోపే చూస్తామని ఆపిల్ చెబుతుంది. కాని చూడడం వేరు, ఒప్పుకోవడం వేరు. మిగతా పది శాతంలో మన ఆప్ ఎప్పుడు పడుతుందో ముందుగా తెలియదు. గూగుల్ ప్లే అయితే కొన్ని ఖాతాలకు సమీక్ష ఏడు రోజుల దాకా, అసాధారణ సందర్భాల్లో అంతకు మించీ పట్టవచ్చునంటుంది. అంటే ఏ రోజు చూసినా మన దగ్గర మూడు రకాల కూర్పులు ఉంటాయి: రాస్తున్నది, గుమ్మం దగ్గర నిలబడినది, జనం చేతిలో ఉన్నది. పైగా ఐఫోనుకూ ఆండ్రాయిడుకూ ఈ మూడూ వేర్వేరు తేదీల్లో మారుతుంటాయి. ఇన్నింటిని ఒక్క `master` అనే పేరు ఎలా సూచించగలదు?

మా గురువారానికి తిరిగి వస్తాను. పదకొండు గంటలకు తప్పు దొరికింది. `utf16.count` బదులు `count` అని రాస్తే సరిపోయింది. పద్ధతి ప్రకారం `master` నుంచి `hotfix` బ్రాంచి తీసి, అందులో దిద్ది, 3.4.1 అని సంఖ్య వేశాము. ఆపిల్ దగ్గర ఒక ఆప్‌కు ఒక వేదిక మీద ఒకసారి ఒక కూర్పే సమీక్షలో ఉండగలదు. అందుచేత Waiting for Review స్థితిలో ఉన్న 3.5.0ను వరుసలోంచి తీసేసి, దాని చోట 3.4.1ను పంపాము. త్వరగా చూడమని ప్రత్యేక అభ్యర్థన కూడా పెట్టాము. ఇంతవరకూ చేసిందంతా పుస్తకంలో చెప్పినట్టే ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం తిరస్కరణ వచ్చింది. ఆప్‌లో ఖాతా తెరిచే వీలు కల్పించినవారు ఖాతాను తొలగించే వీలు కూడా ఆప్‌లోనే కల్పించాలని 5.1.1(v) నియమం. 2022 జూన్ 30 నుంచి సమర్పించే ప్రతి ఆప్‌కూ అది వర్తిస్తున్నది. మీ ఆప్‌లో ఆ వీలు లేదని సమీక్షకుడు రాశాడు. మేము ఒకరి మొహాలొకరం చూసుకున్నాము. 3.4.1లో ఖాతా తెరిచే తెర ఎక్కడిది? అది 3.5.0లో రావలసినది కదా!

ఎక్కడిదంటే, `master` నుంచి వచ్చింది. బుధవారం సాయంత్రం 3.5.0ను సమీక్షకు పంపుతూ, 'సిద్ధమైంది గనక' దాన్ని `master`లో కలిపేశాము. గురువారం అక్కడి నుంచి తీసిన బ్రాంచికి 3.4.1 అని పేరు పెట్టినంత మాత్రాన అది 3.4.1 అయిపోదు. అది 3.5.0, పైన ఒక దిద్దుబాటు. ఎవరూ ఒప్పుకోని, ఎవరూ వాడి చూడని పది రోజుల పనిని రెండు వరుసల దిద్దుబాటు చాటున జనం మీదికి వదలబోయాము. ఆ సమీక్షకుడు ఆపాడు కాబట్టి సరిపోయింది. ఒప్పుకొని ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి ఇప్పటికీ నాకు ఇష్టం ఉండదు.

అసలు 3.4.0 ఏ కమిట్ నుంచి తయారైందో వెతకడానికి ఇంకో పూట పట్టింది. `3.4.0` అన్న ట్యాగ్ `master`లో కలిపిన కమిట్ మీద ఉంది. ఆప్ స్టోర్‌కు వెళ్ళిన 498వ బిల్డు మాత్రం, తర్వాత వచ్చిన ఒక చిన్న మార్పుతో, `release` బ్రాంచి నుంచి నేరుగా వెళ్ళింది. బిల్డు యంత్రపు పాత చిట్టాలు తిరగేసి ఆ కమిట్‌ను పట్టుకున్నాము. శనివారం పొద్దున అసలైన 3.4.1 వెళ్ళింది. తిరస్కరణకు గురైన సంఖ్యను, బిల్డు సంఖ్య పెంచితే, మళ్ళీ వాడుకోవచ్చు. ఆదివారం ఆమోదం వచ్చింది. సోమవారానికి ఫోన్లు ఆగాయి.

ఆ తర్వాత మేము మార్చుకున్న పద్ధతిని, దాని వెనక కారణాలతో సహా చెబుతాను.

మొదటిది, శాశ్వతంగా ఉండే బ్రాంచి ఒకటే: `main`. `develop` లేదు, `master` లేదు. రెండు వారాలకొక సోమవారం దాని నుంచి `release/3.6` లాంటి బ్రాంచి చీలుతుంది. ఆ రోజుకు పూర్తికాని పని ఆగిపోయి తర్వాతి బండి ఎక్కుతుంది. చీలిన తర్వాత ఆ బ్రాంచిలోకి దిద్దుబాట్లు తప్ప కొత్తవేవీ రావు. దిద్దుబాటును ముందు `main`లో చేసి, అక్కడి నుంచి `release`లోకి చెర్రీపిక్ చేస్తాము. మన తోటమాలి భాషలో చెప్పాలంటే అంటు కడతాము. తిరుగు దిశలో ఎన్నడూ చేయము. కారణం మనిషి మతిమరుపు. హడావుడిలో `release`లో మాత్రమే దిద్ది `main`ను మరచిపోతే, చచ్చిన తప్పు తర్వాతి కూర్పులో మళ్ళీ లేచి కూర్చుంటుంది. ముందు `main`లో చేస్తే, మరచిపోయినా నష్టం ఒక్క కూర్పుతో పోతుంది. `main`లో ఆ కోడు ఇప్పటికే పూర్తిగా మారిపోయి ఉంటే మాత్రం రెండుచోట్లా విడివిడిగా, అదే రోజున రాయవలసిందే.

రెండవది, ఏది ఎక్కడున్నదో చెప్పే పని బ్రాంచిది కాదు, ట్యాగ్‌ది. సమీక్షకు వెళ్ళిన ప్రతి బిల్డుకూ ఒక ట్యాగ్. జనానికి విడుదలైన రోజున అదే కమిట్‌కు ఇంకొక ట్యాగ్. అవి కూడా ఐఫోనుకు వేరు, ఆండ్రాయిడుకు వేరు:

```
git tag ios/sent/3.5.0-512
git tag ios/live/3.4.0 ios/sent/3.4.0-498
```

బ్రాంచి కదులుతుంది, ట్యాగ్ కదలదు. ఎవరి నిర్ణయం కోసమో ఎదురుచూసే చోట కదలని గుర్తు కావాలి. అత్యవసరపు దిద్దుబాటు ఎప్పుడూ `live` ట్యాగ్ నుంచే మొదలవుతుంది:

```
git switch -c release/3.4.1 ios/live/3.4.0
git cherry-pick -x 9f3c2ab
git log --oneline ios/live/3.4.0..HEAD
```

ఈ మూడో ఆజ్ఞను దయచేసి గుర్తుంచుకోండి. జనం చేతిలో ఉన్నదానికీ మనం పంపబోయేదానికీ మధ్య ఏమేమి మారాయో అది వరుసగా చూపుతుంది. అక్కడ దిద్దుబాటు ఒకటి, కూర్పు సంఖ్య పెంచినది ఒకటి, వెరసి రెండు వరుసలే కనబడాలి. మా తిరస్కృత 3.4.1 మీద శుక్రవారం రాత్రి ఇలాంటి లెక్కే తీసి చూస్తే అరవై మూడు వరుసలు వచ్చాయి. గురువారమే చూసి ఉంటే రెండు రోజులు మిగిలేవి.

మూడవది, గుమ్మం దగ్గర ఒక కూర్పు ఉండగా దిద్దుబాటు అవసరమైతే ఏం చేయాలన్నది ముందే రాసిపెట్టుకోవాలి. కంగారులో ఆలోచించే విషయం కాదిది. Waiting for Review అయితే పెద్ద ఆలోచన లేదు, దాన్ని తీసి 3.4.1 పంపాలి. 3.5.0 వరుసలో తన చోటు పోగొట్టుకుంటుంది, అంతే. In Review అయితే ఫలితం సాధారణంగా త్వరలోనే వస్తుంది. జనం పని ఆగిపోయేంత తప్పయితే అప్పుడూ తీసేస్తాము, కాకపోతే ఆగుతాము. మూడో స్థితిలోనే చిక్కుంది. 3.5.0 ఆమోదం పొంది, మనం మీట నొక్కడం కోసం ఎదురుచూస్తూ ఉందనుకోండి. అప్పుడు 3.4.1 దారి మూసుకుపోతుంది. ఆమోదం పొందిన కూర్పు కంటే పెద్ద సంఖ్య ఉంటే తప్ప కొత్త బిల్డును ఆపిల్ తీసుకోదు. అప్పుడు దిద్దుబాటును `release/3.5` మీద పెట్టి 3.5.1గా పంపాలి. కాబట్టి ఆమోదం పొందినదాన్ని ఊరికే రోజుల తరబడి అట్టిపెట్టుకోవడం మంచిది కాదు. చేతిలో ఉన్న దిద్దుబాటు దారిని మనమే మూసుకున్నట్టవుతుంది.

తిరస్కరణ వచ్చినప్పుడు చేయగలిగింది ఇంకొకటి ఉంది. అప్పట్లో మాకది గుర్తురాలేదు. ఇప్పటికే స్టోర్‌లో ఉన్న ఆప్‌ల దిద్దుబాట్లను, న్యాయపరమైన అంశాలు తప్ప, ఇతర నియమాల ఉల్లంఘన పేరుతో ఆపబోమని 2020లో ఆపిల్ ప్రకటించింది. తిరస్కరణ సందేశానికి జవాబిస్తూ, ఇది దిద్దుబాటు మాత్రమే, మీరు చెప్పినది తర్వాతి సమర్పణలో సరిచేస్తాము అని కోరవచ్చు. అయితే ఆ మాట నిజాయితీగా చెప్పాలంటే పంపినది నిజంగా దిద్దుబాటు మాత్రమే అయి ఉండాలి. అరవై మూడు వరుసల 'దిద్దుబాటు' పంపినవాడికి ఆ మాట అనే హక్కెక్కడిది?

నాలుగవది, గుమ్మంతో పని లేకుండా సర్వరు నుంచి ఆపగలిగే మీట. కొత్తగా చేర్చిన ప్రతి పెద్ద మార్పుకూ ఇప్పుడొక మీట ఉంది. ఆ గురువారం నాడు చిరునామా కుదింపుకు అలాంటిది ఉండి ఉంటే, పది నిమిషాల్లో దాన్ని ఆపి, చిరునామాలను పూర్తి పొడవున చూపి, దిద్దుబాటును తీరిగ్గా పంపేవాళ్ళం. సర్వరే చిన్న చిరునామా పంపవచ్చు కదా అని మీరు అడగవచ్చు. మందుల సంచీ మీద అచ్చయ్యేదీ అదే చిరునామా. దాన్ని కత్తిరిస్తే సంచీ ఇల్లు చేరదు. ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఈ మీట ఆపడానికే గాని దాచడానికి కాదు. సమీక్షకుడికి కనబడకుండా దాచి, ఆమోదం రాగానే తెరవడాన్ని 2.3.1 నియమం నిషేధిస్తుంది. సమీక్షకు పంపేటప్పుడు మీటలన్నీ వేసే ఉండాలి.

ఆపిల్‌లో విడుదలను ఏడు రోజులకు విడదీసే ఏర్పాటు కూడా వాడుతున్నాము. తనంతట తాను తాజా అయ్యే ఫోన్లలో మొదటి రోజు ఒక శాతానికి, తర్వాత 2, 5, 10, 20, 50 శాతాలకు, ఏడో రోజున అందరికీ చేరుతుంది. మధ్యలో ఆపవచ్చు. అయితే ఎవరైనా స్టోర్‌కు వెళ్ళి స్వయంగా తాజా చేసుకుంటే మొదటి రోజే వచ్చేస్తుంది. ఒకసారి చేరినదాన్ని వెనక్కి తీసుకునే దారి లేదు. కనుక ఇది దెబ్బను చిన్నది చేస్తుందే గాని మాన్పదు. మాన్పవలసింది మళ్ళీ ఆ 3.4.1 లాంటి కూర్పే.

గిట్ ఫ్లోను సమర్థించే మిత్రులు నాతో ఒక మాట అంటుంటారు. డ్రీసెన్ తానే 2020 మార్చిలో తన వ్యాసానికి ఒక గమనిక చేర్చాడు. వెబ్ సైట్ల వంటివాటికి ఇంతకంటే సులువైన పద్ధతి చూసుకొమ్మనీ, కూర్పు సంఖ్యలతో విడుదలై, అనేక కూర్పులు ఒకేసారి జనంలో ఉండే సాఫ్టువేరుకు ఇది ఇప్పటికీ తగుతుందనీ దాని సారాంశం. ఆప్ రెండో కోవలోదే కదా అని వాళ్ళ వాదన. సగం ఒప్పుకుంటాను. `master`లో కలపడాన్ని, సమీక్షకు పంపిన రోజున కాక, జనానికి విడుదలైన రోజున చేస్తే మా గురువారపు గండం తప్పేదే. కాని రెండు స్టోర్లు రెండు తేదీల్లో విడుదల చేస్తే ఏ రోజున కలపాలి? పోనీ రెండు `master`లు పెట్టుకుందామా? అప్పుడది ట్యాగ్ చేసే పనినే బ్రాంచితో, ఎక్కువ శ్రమపడి చేయించడం అవుతుంది. ఆరుగురి బృందం మోయదగిన బరువు కాదది. ఒకే ఆప్‌లో అయిదారు పాత కూర్పులను ఏళ్ళ తరబడి విడివిడిగా దిద్దుతూ ఉండవలసినవారి సంగతి వేరు. వారికి నా సలహా వర్తించదు.

పద్ధతి మార్చాక మరో రెండుసార్లు అత్యవసరపు దిద్దుబాట్లు పంపాము. ఒకటి ఒక్కరోజులో చేరింది. రెండోది రెండున్నర రోజులు గుమ్మం దగ్గరే ఉంది, కారణం తెలియలేదు. సమీక్షకుల వేగం నా చేతిలో లేదు. ఆ రెండుసార్లూ పంపే ముందు తెర మీద కనబడింది రెండే వరుసలు. ఎదురుచూసిన కాలంలో కనీసం ఏం పంపామో మాకు తెలుసు. ఆ ధీమా చిన్నదేమీ కాదు.

పరీక్షల జాబితాలో ఇప్పుడు మొదటి చిరునామా తెలుగులో ఉంటుంది, ఒత్తులతో, గుణింతాలతో, నలభై అక్షరాలు దాటకుండా, నలభై యూనిట్లు దాటి. సహాయకేంద్రం వాళ్ళ కంప్యూటర్లలో నేను పంపిన ఆ వాక్యాన్ని మాత్రం తీసేయించాను. మళ్ళీ అవసరపడితే, మళ్ళీ నా చేతులతోనే టైపు చేయవలసి ఉంటుంది. చేయకుండా ఉండాలనే ఈ ఏర్పాటంతా.

మీలో ఈ వృత్తిలో ఉన్నవారు వేరే దారి పట్టి ఉంటే, ముఖ్యంగా రెండు స్టోర్ల తేదీలను ఒకే బ్రాంచితో నెగ్గుకొస్తూ ఉంటే, ఎలాగో చెప్పండి. నా అభిప్రాయం మార్చుకోవడానికి అభ్యంతరం లేదు.